బ్యాండ్‌విడ్త్ లేదా, బ్లాక్ అయిందా?

తిరుపతిలో మా ఆఫీసులో సోమవారం మేనేజర్ "ఈ వారం నాకు బ్యాండ్‌విడ్త్ లేదబ్బా" అన్నారు. అసలు అది రేడియో తరంగాల పట్టీ వెడల్పు, హెర్ట్జ్‌లలో కొలుస్తారు. తర్వాత నెట్ లైనులో సెకనుకు ఎన్ని బిట్లు పోతాయో చెప్పడానికీ వాడారు. ఆయన నోట మాత్రం చేతిలో గంటలు లేవని అర్థం.

"బ్లాక్ అయింది" అంటే వేరు. గంటలుంటాయి, కానీ ఇంకొకరి దగ్గర్నుంచి ఏదో రావాలి.

తేడా తెలుసుకోవాలని నేను అడిగాను: "సార్, ఏది పక్కన పెడితే నా రిపోర్టు చూడటానికి అరగంట దొరుకుతుంది?"

"బుధవారం మీటింగ్ తీసేస్తాలే" అన్నారు. అంటే నిజంగా తీరిక లేకపోవడమే. "ఏం తీసినా లాభం లేదు, అకౌంట్స్ వాళ్ల సంతకం రాలేదు" అని ఉంటే, నేను పోయి కదిలించాల్సింది అకౌంట్స్ వాళ్లను. "తీరిక లేదు", "ఆగిపోయింది" అనే మన మాటలే నాకు ఇంకా తేటగా అనిపిస్తాయి.