అమ్మమ్మ మండువా ఇంట్లో 12 నరాలు: రెండున్నరేళ్లు మెమరీ ప్యాలెస్ వాడాక

మెమరీ ప్యాలెస్ అంటే బాగా తెలిసిన ఇంట్లోనో దారిలోనో ఒక్కో చోట ఒక్కో బొమ్మ ఊహించుకుని, మనసులో ఆ దారిన నడుస్తూ విషయాలు వరసగా గుర్తుచేసుకోవడం. ఎంబీబీఎస్ మొదటి ఏడాది రెండో నెలలో ఈ పద్ధతి మొదలుపెట్టాను. ఇప్పుడు మూడో ఏడాదిలో ఉన్నాను. ఇన్నాళ్లలో 14 ప్యాలెస్‌లు కట్టుకుంటే, ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నవి ఐదు. అందులో మొదటిది, నాకు బాగా ఇష్టమైనది కపాల నరాలది, అంటే మెదడు దగ్గర మొదలయ్యే 12 నరాలది. ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ దెబ్బకొట్టింది అన్నది దాని మీదే చెబుతాను.

అంతకుముందు అందరిలాగే మొదటి అక్షరాలతో అల్లిన ఇంగ్లీషు వాక్యాలు బట్టీపట్టాను. చిక్కేమిటంటే మొదటి మూడు నరాలూ ఆల్ఫాక్టరీ, ఆప్టిక్, ఆక్యులోమోటార్. మూడింటికీ ఇంగ్లీషులో ఒకటే అక్షరం. తర్వాతి రెండూ ట్రోక్లియర్, ట్రైజెమినల్. వాటికీ ఒకటే అక్షరం. అక్షరం గుర్తుంటుంది, ఏది ముందో తెలియదు. పైగా మధ్యలోంచి అడిగితే చెప్పలేం. చిన్నప్పుడు అమ్మమ్మ ప్రభవ, విభవ అంటూ 60 సంవత్సరాల పేర్లు నేర్పింది. ఈ రోజుకీ గడగడా అప్పజెబుతాను. కానీ 37వది ఏదంటే మొదటినుంచి వేళ్లు మడుచుకుంటూ శోభకృత్ దాకా రావాల్సిందే. నోటితో జవాబు చెప్పే వైవా పరీక్షలో అంత టైం ఎవరిస్తారు?

ప్యాలెస్‌కి అంబాజీపేట దగ్గర మా అమ్మమ్మగారి మండువా ఇల్లు తీసుకున్నాను. కళ్లు మూసుకుని నడవగలిగే ఇల్లు అదొక్కటే. కాలవ గట్టు మీంచి పెరట్లోకి వచ్చి, ఇంట్లోంచి వీధి అరుగు మీదకు తేలే దారి. ఆ దారిలో 12 చోట్లు.

ఒకటి, కాలవ ఒడ్డున కొబ్బరి పీచు ఫ్యాక్టరీ. నానిన పీచు వాసన గుప్పుమంటుంది. ఆల్ఫాక్టరీ వాసన నరం, పేరులోనే ఫ్యాక్టరీ ఉంది. రెండు, పెరటి దడికి వేలాడుతున్న తాతయ్య కళ్లజోడు, ఆప్టిక్. మూడు, మోటారు షెడ్డు. మోటారు మీద పెద్ద కనుగుడ్డు గిర్రున తిరుగుతుంటుంది, ఆక్యులోమోటార్.

నాలుగోది నుయ్యి. ఇక్కడ కాసేపు ఆగాలి. ట్రోక్లియా అంటే గిలక అనే అర్థం. ఈ నరం నడిపే కండరం పేరు సుపీరియర్ ఆబ్లిక్. దాని స్నాయువు కంటిగూట్లో ఒక చిన్న గిలకలాంటి దానిలోంచి, నూతి గిలక మీద చేంతాడులా మలుపు తిరిగి కనుగుడ్డుకు అతుక్కుంటుంది. ఆ కండరం లాగితే చూపు కిందికి దిగుతుంది, ముఖ్యంగా కన్ను ముక్కువైపు తిరిగి ఉన్నప్పుడు. నూతిలోకి తొంగిచూసే చూపే అది. ఈ నరం దెబ్బతిన్నవాళ్లకు మెట్లు దిగేటప్పుడు, పుస్తకం చదివేటప్పుడు ఒకటి రెండుగా కనిపించేది అందుకే. పేరు, అర్థం, పని మూడూ ఒక్క బొమ్మలో కుదిరాయి. దసరా సెలవుల్లో నిజంగానే నూతి గట్టు మీద నిలబడి అనుకుంటుంటే అమ్మమ్మ, "ఏంటే అమ్మడూ, నూతికాడ ఒక్కదానివే ఏం గొణుక్కుంటున్నావు?" అంది. గిలక చూపించి చెప్పాను. "అయితే కంట్లోనూ చేంతాడు ఉందన్నమాట" అంది. ఈ నరం నేను ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

ఐదు, పెరట్లో కొబ్బరికాయల రాశి. కాయకు మూడు కళ్లు, ట్రైజెమినల్‌కు మూడు కొమ్మలు. ఆరు, బయటికి తోసే పెరటి తలుపు, కంటిని బయటివైపుకు తిప్పే అబ్డ్యూసెన్స్. ఏడు, లోపలి గోడకున్న అద్దం, ఫేషియల్. ఎనిమిది, మండువాలో నీళ్ల తొట్టిని పట్టుకున్న నత్త. లోపలి చెవిలో ఉండే కాక్లియా పేరుకు అర్థం నత్తగుల్లే కాబట్టి వెస్టిబ్యులోకాక్లియర్. తొమ్మిది, వంటింట్లో మజ్జిగ గ్లాసు, గ్లాసోఫారింజియల్. పది, ఉయ్యాలబల్ల, వేగస్. పదకొండు, వసారాలో భుజం మీద కావడి, భుజాలు ఎగరేయించే యాక్సెసరీ. పన్నెండు, వీధి అరుగు మీద నాలుక చాపిన పిల్లలు, హైపోగ్లాసల్.

బొమ్మలన్నీ తయారవడానికి గంటన్నర పట్టింది. ఒక చుట్టు తిరగడానికి ఇప్పుడు రెండు నిమిషాలు చాలు. పదో నరం అంటే నేరుగా ఉయ్యాలబల్ల దగ్గరికి వెళతాను, మొదటినుంచి రానక్కర్లేదు.

ఇక తప్పులు. వేగస్ అనగానే నాకు తెలుగు వేగం తట్టింది. ఉయ్యాల జోరుగా ఊగుతున్నట్టు పెట్టుకున్నాను. ఇంటర్నల్ వైవాలో వేగస్‌ను ప్రేరేపిస్తే గుండె ఏమవుతుందని అడిగితే, తడుముకోకుండా వేగం పెరుగుతుందన్నాను. జరిగేది సరిగ్గా తలకిందులు, వేగస్ గుండెను నెమ్మదింపజేస్తుంది. నా బొమ్మే నాకు అబద్ధం నేర్పింది. శబ్దం మాత్రం చూసి బొమ్మ కడితే వచ్చే ప్రమాదం ఇదే, పైగా మనకు అనుమానం కూడా రాదు. లాటిన్‌లో ఆ మాటకు తిరుగాడేది అని అర్థం. మెడలోంచి గుండె, ఊపిరితిత్తులు దాటి పొట్టదాకా తిరిగే నరం మరి. అందుకని ఇప్పుడు ఆ ఉయ్యాల మీద ఇంటింటికీ తిరిగి అలసిన హరిదాసును కూర్చోబెట్టాను. ఆయన కూర్చోగానే ఊపు తగ్గుతుంది. పాత బొమ్మ పూర్తిగా చెరగడానికి నెల పైనే పట్టింది.

రెండోది గ్లాసు గొడవ. తొమ్మిదిలోనూ పన్నెండులోనూ ఆ శబ్దమే ఉంది. గ్రీకులో దాని అర్థం నాలుక. మొదట్లో రెండు చోట్లా గ్లాసే పెట్టాను, మూడు వారాల్లో రెండూ కలిసిపోయాయి. తొమ్మిదికి గ్లాసు ఉంచి, మజ్జిగ గొంతులోకి దిగేటట్టు చేశాను. అది మింగడానికి, నాలుక వెనక భాగం రుచికి సంబంధించినది. పన్నెండులో గ్లాసు తీసేసి నాలుక పెట్టాను, ఎందుకంటే అది నాలుకను కదిలిస్తుంది. పిల్లల్లో ఒకడి నాలుక పక్కకు వాలి ఉంటుంది. ఈ నరం దెబ్బతింటే చాపిన నాలుక దెబ్బ తగిలిన వైపుకే తిరుగుతుంది.

స్టడీ ప్లాన్‌లో దీన్ని ఇలా ఇరికించాను: కట్టిన రాత్రి ఒక చుట్టు, మర్నాడు పొద్దున, మూడో రోజు, ఏడో రోజు, 21వ రోజు. ప్రతిసారీ తెల్లకాగితం మీద పేరూ, పనీ రాస్తాను, మనసులో తిరిగి ఊరుకోను. ఒకసారి వెనకనుంచి, ఒకసారి ఎవరితోనైనా అంకె చెప్పించుకుని. బొమ్మ కనిపిస్తోంది కానీ పేరు రావడం లేదంటే ఆ బొమ్మ బలహీనమని అర్థం, అప్పుడే మార్చాలి. చేతి ధమనుల ప్యాలెస్‌కి ఏడో రోజు ఎగ్గొట్టాను. నెల తిరిగేసరికి సగం చోట్లు ఖాళీ.

పోయిన తొమ్మిదింటిలో ఎక్కువ భాగం అసలు కట్టకూడనివి. చేతికి వెళ్లే నరాల గుంపు బ్రేకియల్ ప్లెక్సస్ వరస కాదు, చీలి మళ్లీ కలిసే అల్లిక. దాన్ని ఇంట్లో పెడితే ఏ కొమ్మ ఎక్కడ కలుస్తుందో పోయింది. రోజుకొకసారి చొప్పున పది రోజులు గీశాక వచ్చింది. మణికట్టు ఎముకలు ఎనిమిదికీ ప్యాలెస్ దండగ, నా చేతి మీదే తడిమి నేర్చుకున్నాను. బొటనవేలు ఎత్తితే దాని మొదట్లో పడే గుంటలో తగిలేది స్కాఫాయిడ్.

ఇప్పుడు ఫార్మకాలజీకి తాతయ్యగారి కొబ్బరితోటలో వరసలు వాడుతున్నాను. కానీ చెట్లన్నీ ఒకేలా ఉండటంతో మందులు పక్క చెట్టుకు జారిపోతున్నాయి. ఈ వేసవిలో వాటిని రావులపాలెం నుంచి అంబాజీపేట దాకా బస్సు దారిలోకి మార్చాలి.