స్క్రిప్ట్ చచ్చినా బతికుండే స్టాప్‌లాస్: రెండేళ్లు వాడాక

ఎక్స్ఛేంజ్‌లో పెట్టే స్టాప్‌లాస్ మీద నా ప్రేమ ఒక కరెంటు కోతతో మొదలైంది. అప్పటిదాకా స్టాప్ నా పైథాన్ స్క్రిప్ట్ కడుపులోనే ఉండేది. ధర చూసుకుంటూ ఉండి, గీత దాటగానే ఆర్డర్ పంపేది. అలాంటి స్టాప్ ఒకటుందని ఎక్స్ఛేంజ్‌కి తెలియనే తెలియదు. ఓ మధ్యాహ్నం నిఫ్టీ కాల్ ఒక లాట్ (అప్పట్లో 75) 110కి అమ్మాను, స్టాప్ 150 అనుకున్నాను. ఇంట్లో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది గానీ రూటర్ ఇన్వర్టర్ లైన్‌లో లేదు. స్క్రిప్ట్ ఆఖరుగా వచ్చిన ధర 118 దగ్గరే చూపు నిలిపి కూర్చుంది. ఆఫీసులో నేను ఫోన్ తీసేసరికి ధర 190. మూడు వేలతో పోవాల్సింది ఆరు వేలైంది.

మర్నాటి నుంచి అమ్మకం పూర్తికాగానే ఎస్ఎల్ బై ఆర్డర్ ఎన్‌ఎస్‌ఈకి వెళ్లిపోయేది: ట్రిగ్గర్ 150, లిమిట్ 156. ఇక ల్యాప్‌టాప్ ఆగినా, నెట్ పోయినా, బ్రోకర్ యాప్ తెరుచుకోకపోయినా ఆ ఆర్డర్ అక్కడే కాపలా కాస్తుంది. ఆ తర్వాత రెండుసార్లు స్క్రిప్ట్ పడిపోయింది, రెండుసార్లూ 151, 152 దగ్గర బయటపడ్డాను. కనిపించిన ప్రతివాడికీ ఇదే పెట్టుకోమని చెప్పాను.

తర్వాత ఒక గురువారం వచ్చింది.

అదే లెక్క: 110కి అమ్మకం, ఎక్స్ఛేంజ్‌లో 150 ట్రిగ్గర్. ఉదయం 11:20కి ధర 60కి దిగింది, నా టార్గెట్ అదే. స్క్రిప్ట్ 60కి కొనేసింది, 3,750 లాభం. తర్వాత చేయాల్సిన పని ఎస్ఎల్ ఆర్డర్‌ని రద్దు చేయడం. ఆ రెండింటి మధ్య లాభాన్ని లాగ్‌లో రాసే ఒక లైన్ పెట్టుకున్నాను. ధర ఉండాల్సిన చోట ఖాళీ వచ్చింది, `TypeError` అని స్క్రిప్ట్ అక్కడే కూలింది. పొజిషన్ లేదు, ఎస్ఎల్ మాత్రం `TRIGGER PENDING` అంటూ ఉండిపోయింది. నేను ఫోన్‌లో పొజిషన్ల పేజీ చూసి, అంతా సున్నా కదా అని భోజనానికి వెళ్లాను. ఆర్డర్ల పేజీ తెరవలేదు.

1:40కి మార్కెట్ తిరిగింది. కాల్ 150 తాకింది. ఎక్స్ఛేంజ్ దృష్టిలో అది స్టాప్ కాదు, ట్రిగ్గర్ తగిలితే కొనాల్సిన ఒక ఆర్డర్, అంతే. అమ్మిన లాట్ ఇంకా ఉందా అని అది అడగదు. 151కి 75 కొనేసింది. చూసే దిక్కులేని కొత్త పొజిషన్ అది. మూడు దాటాక బ్రోకర్ సిస్టమే ఇంట్రాడే కింద అమ్మేసింది, 95కి. పోయింది 4,200. పొద్దున్న వచ్చిన లాభం పోను చేతి నుంచి 450.

ఇప్పుడు టార్గెట్‌కి వేరే ఆర్డర్ పంపను. ఉన్న ఎస్ఎల్‌నే లిమిట్ ఆర్డర్‌గా మారుస్తాను:

```python
broker.modify_order(order_id=sl_id,
                    order_type="LIMIT", price=62)
```

ఒకే ఆర్డర్ కాబట్టి రెండుసార్లు కొనే అవకాశమే లేదు. అమ్మేవాళ్ల ధర 60 ఉంటే రెండు రూపాయలు పైన వేస్తాను, వెంటనే పూర్తవ్వాలని; మార్చాక అది పూర్తికాకుండా మిగిలితే ఇక స్టాప్ లేనట్టే. స్క్రిప్ట్ మళ్లీ లేచినప్పుడు తన ఫైల్‌లో రాసుకున్నది నమ్మకుండా, ముందు బ్రోకర్ నుంచి పొజిషన్లూ ఆర్డర్లూ రెండూ తెచ్చుకుని పోల్చుకుంటుంది.

ముందు అంత పొగిడాను గానీ ఇంకో లోటుంది. ఆప్షన్లలో, ట్రిగ్గర్ తగలగానే మార్కెట్ ధరకే కొనేసే ఎస్ఎల్-ఎం ఆర్డర్లని ఎన్‌ఎస్‌ఈ 2021లోనే తీసేసింది, మనకి మిగిలింది లిమిట్ ఉన్న ఎస్ఎల్ ఒక్కటే. ఆర్‌బీఐ పాలసీ రోజున ధర 148 నుంచి ఒక్క ఎగురుతో 163కి పోయింది. ట్రిగ్గర్ తగిలింది, స్టేటస్ `OPEN` అయింది, 156 దగ్గర ఆర్డర్ నిలబడిపోయింది, అమ్మేవాడు లేడు. అక్కడ కాపాడింది నేను తిట్టుకున్న స్క్రిప్టే: పది సెకన్లు దాటినా `OPEN` ఉంటే లిమిట్ పెంచమని రాసి ఉంచాను. అది బతికుంది కాబట్టి 166కి బయటపడ్డాను.

నాది ఒకటి రెండు లాట్లు, పగలంతా ఉద్యోగం. అందుకే ఎక్స్ఛేంజ్ స్టాపే నాకు ముఖ్యం, స్క్రిప్ట్ దానికి తోడు. కాల్, పుట్ రెండూ అమ్మి మొత్తం ప్రీమియం మీద స్టాప్ పెట్టుకునేవాళ్లకి ఈ మాట సరిపోదు. రెండింటి కూడిక ఎక్స్ఛేంజ్‌కి తెలియదు, సాఫ్ట్‌వేరే చూడాలి. వాళ్లు కూడా కాల్‌కొకటి, పుట్‌కొకటి దూరంగా ఎస్ఎల్ పెట్టి ఉంచుకోవచ్చనుకుంటాను, నేనైతే చేసి చూడలేదు.

రూటర్‌ని ఇన్వర్టర్ లైన్‌కి మార్చమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పి ఏడాదైంది. రేపొస్తానంటున్నాడు.