బొంబాయి రవ్వ ఉప్మా, పెసరట్టు: ఏది తింటే ఆకలి ఆగుతుంది?

ఎనిమిదింటికి ఉప్మా తింటే పదిన్నరకే మళ్లీ ఆకలి. అదే పెసరట్టు తిన్న రోజు మధ్యాహ్నం దాకా తిండి గుర్తే రాదు. చాలామందికి ఇది అనుభవమే. 60 గ్రాముల రవ్వ, అంతే బరువు పెసలు తీసుకుంటే క్యాలరీలు దాదాపు సమానం. ప్రోటీన్ మాత్రం రవ్వలో 6 గ్రాములు, పెసల్లో 14 గ్రాముల దాకా ఉంటుంది.

రవ్వ అంటే పొట్టు తీసేసిన గోధుమ. ఉడికాక అందులోని పిండిపదార్థం త్వరగా గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది, ఇన్సులిన్ పెరుగుతుంది. రెండు మూడు గంటల్లో చక్కెర కిందికి దిగుతుంది. కొందరిలో మొదటికంటే కాస్త కిందికే. అప్పుడే చెయ్యి బిస్కెట్ల వైపు వెళ్తుంది.

పెసరట్టు దారి వేరు. ప్రోటీన్ ముక్కలు పేగులోకి చేరగానే అక్కడి కణాలు సీసీకే, జీఎల్‌పీ-1, పీవైవై అనే హార్మోన్లు వదులుతాయి. ఇవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, చాలని మెదడుకు చెబుతాయి. ఆకలి పుట్టించే గ్రెలిన్ కూడా ఎక్కువసేపు అణిగి ఉంటుంది.

అయితే ఘనతంతా ప్రోటీన్‌దే కాదు, పెసల పొట్టులోని పీచుకూ వాటా ఉంది. అందుకే పొట్టు తీసిన పప్పుతో, కరకరలాడాలని బియ్యం ఎక్కువ కలిపి పోసిన అట్టు అంతసేపు ఆపదు. ఉప్మానే ఇష్టమైతే రవ్వ సగానికి తగ్గించి, పక్కన రెండు ఉడికించిన గుడ్లు పెట్టుకోండి. 12 గ్రాముల ప్రోటీన్ అక్కడే వస్తుంది.