ఆన్‌లైన్‌లో నాలుగేళ్లుగా బంగారం కొంటున్నా: ఉంగరం, గొలుసు, ముక్కుపుడక

2022 నుంచి ఇప్పటిదాకా ఆన్‌లైన్‌లో మూడు వస్తువులు కొన్నాను. రెండు ఇప్పటికీ ఒంటి మీదే ఉన్నాయి, ఒకటి వెనక్కి పంపేశాను.

మొదటిది ఎర్ర రాళ్ల ఉంగరం, ఒక నగల కంపెనీ సొంత సైట్‌లో. ఫొటో కింద పెద్ద అక్షరాల్లో 5.2 గ్రాములని ఉంటే అంతా బంగారమే అనుకున్నాను. ఇంటికొచ్చాక మా అమ్మ బిల్లు చూసి అడిగిన మొదటి మాట, "రాళ్లతో కలిపా, రాళ్లు తీసేసా?" అని. బిల్లులో నికర బరువు 4.3 గ్రాములే. సైట్‌లో కూడా ఉంది, కాకపోతే ధర వివరాలు అని ఉన్నచోట నొక్కితేనే కనిపిస్తుంది, నేను నొక్కలేదు, అంతే. వాళ్లు మోసం చేయలేదు, బంగారం ధర కట్టింది 4.3కే. కానీ గ్రాము 7,000 ఉందనుకోండి, 5.2 మీద లెక్క కడితే 36,400, 4.3 మీద 30,100, అంటే మన ఊహకీ చేతిలో ఉన్న బంగారానికీ 6,300 తేడా. రాళ్ల ధర, మజూరీ, 3 శాతం జీఎస్టీ వేరే. అమ్మేటప్పుడు రాళ్లకి దాదాపు ఏమీ రాదు కాబట్టి ఇప్పుడు నేను ముందు చూసేది నికర బరువే.

అసలు కథ గొలుసుది. ఈసారి ఒక పెద్ద షాపింగ్ సైట్‌లో, కాకపోతే అమ్మేది సైట్ వాళ్లు కాదు, అందులో చేరిన ఓ చిన్న అమ్మకందారు. మజూరీ బాగా తక్కువ, రేటింగ్ 4.4. ఆ ఆశతో కొనేశాను. రివ్యూలు పాతవి మొదలుకొని చదివి ఉంటే అప్పుడే తెలిసేది: కిందకి వెళ్తే జనం "గాజులు చేతికి సరిపోయాయి" అని రాశారు! ఎప్పుడో గాజులకి వచ్చిన రేటింగ్ ఉన్న పేజీలోనే గొలుసు ఫొటో పెట్టి అమ్ముతున్నారన్నమాట. ఇప్పుడు నక్షత్రాలు చూడను, కొన్నవాళ్లు పెట్టిన ఫొటోలు చూస్తాను, అందులో నేను కొనబోయే వస్తువే ఉందా అని.

గొలుసు కొక్కెం దగ్గర చిన్న రేకు మీద మూడు గుర్తులుండాలి: బీఐఎస్ త్రిభుజం, స్వచ్ఛత చెప్పే 22K916, తర్వాత ఒక్కో నగకీ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ నంబర్. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ అమ్మాలంటే ఈ నంబర్ ఉండాల్సిందే. కంటికి ఆనదు, ఫోన్ కెమెరా జూమ్ చేసి చదివాను. BIS Care యాప్‌లో Verify HUID దగ్గర కొడితే స్వచ్ఛత 916 అనే వచ్చింది, హమ్మయ్య అనుకుని కిందకి చూస్తే వస్తువు రకం దగ్గర ఉంగరం అని ఉంది. గొలుసు మీద ఉంగరం నంబర్! నంబర్ దొరికిందా లేదా అని మాత్రమే చూసి యాప్ మూసేస్తే ఇది పట్టుకోలేం. వీధి చివర కంసాలి దగ్గర కాటా మీద పెడితే 8 గ్రాములకి 7.6 తూగింది.

రిటర్న్ 7 రోజుల్లోపే, పైగా ట్యాగ్ తెగకూడదు. అదృష్టం, మెడలో వేసుకోలేదు. పార్సిల్ సీలు కోయకముందు నుంచీ ఆపకుండా తీసిన వీడియో ఉంది, అందులో కవరు మీద అడ్రస్ లేబుల్, తర్వాత ట్యాగ్ కనిపిస్తాయి. అదీ, యాప్ స్క్రీన్‌షాటూ, కాటా ఫొటో పంపాను. "మా దగ్గర సరిగ్గానే తూగింది మేడమ్" అని రెండుసార్లు జవాబొచ్చింది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాక కదిలారు. డబ్బు రావడానికి 19 రోజులు, ఆ టెన్షన్‌లో సరిగ్గా నిద్ర కూడా లేదు.

ఇంకో సంగతి, "జీవితకాలం ఎక్స్ఛేంజ్" అని రాసుంటే డబ్బు వాపసు ఇస్తారని కాదు. ఉంగరం విషయంలో అడిగి చూశాను, ఆ రోజు రేటుకి బంగారం విలువ కడతారు, మజూరీ పోయినట్టే, మళ్లీ వాళ్ల దగ్గరే కొనాలి.

ముక్కుపుడకకి ఈ నంబర్ల దారి లేదు, 2 గ్రాముల లోపు వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. రిటర్న్ కూడా తీసుకోం అన్నారు, ముక్కుకి పెట్టుకునేది కదా. అందుకే ఉంగరం కొన్న సైట్‌లోనే తీసుకున్నాను. ఫొటోలో అన్నీ బఠాణీ గింజంత కనిపిస్తాయి కాబట్టి 4 మిల్లీమీటర్ల గుండ్రటి కాగితం ముక్క కత్తిరించి ముక్కుకి అంటించుకుని అద్దంలో చూసుకున్నాను, మా ఆయన నవ్వినా సరే. వచ్చింది సరిగ్గా అంతే ఉంది. మర మాత్రం ఏడాదికే కొంచెం వదులైంది, కంసాలి బిగించి ఇచ్చాడు.