రెజ్యూమెలకు మార్కులు వేసే మా షీటు: రెండేళ్లు వాడాక

ఆదోనిలో మాది పత్తి జిన్నింగ్ మిల్లు. అకౌంట్స్ అసిస్టెంట్ కావాలని ప్రకటన ఇచ్చినప్పుడల్లా ముప్పై నలభై రెజ్యూమెలు వస్తాయి. వాటిని జల్లెడ పట్టడానికి రెండేళ్లుగా ఒక ఎక్సెల్ షీటు వాడుతున్నాను. మొదట్లో నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఇప్పుడు అది లేకుండా ఒక్క రెజ్యూమె కూడా చూడను.

ఉద్యోగ ప్రకటనలో ఏం అడిగామో షీటులో అవే వరుసలు ఉంటాయి, కొత్తగా ఏదీ చేర్చం. జీఎస్టీ రిటర్నులకు 30, ట్యాలీకి 20, బ్యాంక్ రీకన్సిలియేషన్‌కు 20, స్టాక్ లెక్కకు 10, కవర్ లెటర్‌కు 20. ప్రతి వరుసలోనూ వేయగలిగింది 0, 1, 2 మాత్రమే. రాయకపోతే 0, పేరు మాత్రం రాస్తే 1, చేసిన పని రాస్తే 2. పక్క గడిలో రెజ్యూమెలోని ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎక్కించాలి. వాక్యం దొరక్కపోతే మార్కు లేదు. B గడుల్లో పైన చెప్పిన 30, 20 లాంటి బరువులు, C గడుల్లో 0, 1, 2 మార్కులు పెడితే నూటికి లెక్క ఇలా వస్తుంది:

```
=SUMPRODUCT(B2:B6,C2:C6)/2
```

షీటు విలువ నాకు తెలిసొచ్చింది రెండు దరఖాస్తుల దగ్గర. ఒకతను ఎం.కాం., చక్కటి ఇంగ్లీషులో కవర్ లెటర్ రాశాడు. మా ప్రకటన బాగా చదివి, మిల్లు పనికి తానెలా పనికొస్తాడో వివరంగా చెప్పాడు. రెజ్యూమెలో మాత్రం 'ట్యాలీ, జీఎస్టీ, ఎక్సెల్ తెలుసు' అని ఒక్క లైను. నేనైతే చూడగానే అతన్నే పిలిచేవాణ్ని. రెండో దరఖాస్తు అనంతపురం వైపు ఒక శనక్కాయ నూనె మిల్లులో చేసిన అమ్మాయిది. కవర్ లెటర్ లేదు. ట్యాలీ అని పేరు మాత్రమే రాసింది. కానీ 'ప్రతి నెలా కొనుగోలు బిల్లులను GSTR-2B తో సరిచూసి, తేడాలు సప్లయర్లకు చెప్పి, 20 లోపు GSTR-3B వేశాను' అని ఉంది. బ్యాంకు స్టేట్‌మెంటు సరిచూసిన పద్ధతి, గోడౌన్ స్టాకు నెలాఖరు లెక్క కూడా రాసింది.

మా గోడౌన్ చూసుకునే అన్నా నేనూ విడివిడిగా మార్కులు వేస్తాం, ఒకరివి ఇంకొకరం చూడం. ఆ ఎం.కాం. అతని జీఎస్టీకి నేను 2 వేశాను, ఆయన 1 వేశాడు.

"ఏందన్నా, ఒకటే ఏసినావు?"

"పేరే కదప్పా రాసింది. చేసింది యాడ రాసినాడు, చూపియ్యి."

చూపించలేకపోయాను. అతనికి 45 వచ్చాయి: జీఎస్టీకి 15, ట్యాలీకి 10, కవర్ లెటర్‌కు 20. ఆ అమ్మాయికి 70. ఆ 45లో దాదాపు సగం కవర్ లెటర్‌దే. మా దగ్గర రోజూ లెటర్లు రాసే పని లేదు, పత్తి, గింజలు, బేళ్ల లెక్క మాత్రం రోజూ ఉంది. అందుకే తర్వాతి ప్రకటనకు కవర్ లెటర్ 10కి దించి, స్టాకు 20కి పెంచాం. అయితే బరువులు మార్చేది రెజ్యూమెలు తెరవకముందే. తెరిచాక మారిస్తే నచ్చినవాళ్ల కోసం మార్చినట్టే అవుతుంది.

షీటు వల్ల దెబ్బ కూడా తిన్నాం. మొదటి ఏడాది జీఎస్టీలో 0 వచ్చిన ఒకతను మిగతా అన్నిటా నిండుగా తెచ్చుకుని 70తో పైకొచ్చాడు. చేర్చుకున్నాం. 11వ తేదీకి వెళ్లాల్సిన మా అమ్మకాల రిటర్ను GSTR-1 ఆలస్యమైంది. మా దగ్గర బేళ్లు కొన్న స్పిన్నింగ్ మిల్లులకు ఆ నెల GSTR-2Bలో మా బిల్లులు కనబడలేదు, వరసగా ఫోన్లు. తప్పు అతనిది కాదు, తనకు వస్తుందని అతను ఎక్కడా చెప్పలేదు. ఒకచోటి లోటును ఇంకోచోటి మార్కులతో పూడ్చి మొత్తం కూడిన మాదే తప్పు. అప్పటి నుంచి జీఎస్టీ తప్పనిసరి గడి. అక్కడ 0 వస్తే మొత్తం కూడనే కూడం. ఆ సంగతి ప్రకటనలోనే రాస్తున్నాం.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాం. ఒక మనిషి రెజ్యూమె మొత్తం ఒకేసారి చూడం. ముందు అందరి జీఎస్టీ వరుస, తర్వాత అందరి ట్యాలీ. ఒకచోట బాగా రాసినవాళ్లకు మిగతాచోట్లా చెయ్యి జారడం దీంతో బాగా తగ్గింది.

జీఎస్టీలో ఒక్క మెట్టు మారితే 15 మార్కులు మారిపోతాయి. కాబట్టి 15, అంతకు లోపు తేడా ఉన్నవాళ్లను సమానంగానే చూసి ఇద్దరినీ పిలుస్తాం. 75 వచ్చినవారు 65 వాళ్లకన్నా మేలని ఈ షీటు చెప్పలేదు.

పని చేసి కూడా రాయడం తెలియనివాళ్లకు అన్యాయం ఇంకా జరుగుతూనే ఉంది. పిలవనివాళ్లు అడిగితే వాళ్ల వరుస చదివి వినిపిస్తాను. 'బ్యాంకు పని మూడేళ్లు చేశాను సార్, రాయాలని తెలీదు' అన్నాడు ఒక అబ్బాయి. ఇప్పుడు ప్రకటన కిందే 'ఏం తెలుసో కాదు, ఏం చేశారో రాయండి' అని ఒక లైను వేస్తున్నాం. ఇక రాసింది నిజమో కాదో షీటుకు తెలియదు. అందుకని వచ్చినవాళ్ల ముందు పది కొనుగోలు బిల్లులు పెట్టి, ట్యాలీలో ఎక్కించమంటాం.