300×450 పిల్లరుకి ఎనిమిది 16 ఎంఎం రాడ్లా, నాలుగు 20 – రెండు 16 రాడ్లా: ఒక అంతస్తుకి ఏది తక్కువ బరువు?

పిల్లరు స్టీలు బరువు అనగానే చాలామంది నిలువు రాడ్లనే లెక్క వేసి, రింగులకి ఓ శాతం కలిపేస్తారు. ఒక్క డిజైను ఖరారై ఉన్నప్పుడు ఆ అంచనాతో పని గడుస్తుంది. రెండు అమరికల్లో ఏది మేలో తేల్చాలంటే మాత్రం గడవదు. నిలువు రాడ్ల సంఖ్య మారితే రింగుల లోపల పడే లింకుల సంఖ్యా మారుతుంది, గెలుపోటములు అక్కడే తేలతాయి.

పిల్లరు 300×450 ఎంఎం. స్లాబు పైనుంచి పై స్లాబు పైవరకు 3000 ఎంఎం, బీము లోతు 450, కవరు 40 ఎంఎం. రింగులూ లింకులూ 8 ఎంఎం. ల్యాపు, అంటే కింది రాడ్డూ పై రాడ్డూ పక్కపక్కన కలిసి నడిచే పొడవు, రాడ్డు వ్యాసానికి 50 రెట్లు, ప్రతి రాడ్డుకీ ప్రతి అంతస్తులో ఒక ల్యాపు. పోటీలో ఉన్నవి రెండు:

మొదటిది: ఎనిమిది 16 ఎంఎం రాడ్లు. మూలల్లో నాలుగు, ప్రతి ముఖం మధ్యలో ఒకటి. మొత్తం వైశాల్యం 1608 చదరపు ఎంఎం.

రెండోది: మూలల్లో నాలుగు 20 ఎంఎం, 450 ముఖాల మధ్యలో ఒక్కో 16 ఎంఎం. మొత్తం 1659 చదరపు ఎంఎం.

రెండూ పిల్లరు వైశాల్యంలో 1.2 శాతం దగ్గరే ఉన్నాయి కాబట్టి పోలిక న్యాయమైనదే. మీటరు బరువుకి అందరికీ తెలిసిన సూత్రమే వాడదాం, d అంటే ఎంఎంలో రాడ్డు వ్యాసం:

```
బరువు (కేజీ/మీ) = d² / 162
8 → 0.395    16 → 1.580    20 → 2.469
```

నిలువు రాడ్లు

16 ఎంఎం రాడ్డుకి ల్యాపు 800, మొత్తం పొడవు 3.8 మీటర్లు. 20 ఎంఎంకి ల్యాపు 1000, పొడవు 4.0 మీటర్లు.

మొదటిదానికి 8 × 3.8 = 30.4 మీటర్లు, అంటే 48.0 కేజీలు. రెండోదానికి 20 ఎంఎం 16 మీటర్లు 39.5 కేజీలు, 16 ఎంఎం 7.6 మీటర్లు 12.0 కేజీలు, కలిపి 51.5 కేజీలు. ఇక్కడికి ఎనిమిది రాడ్ల అమరికే 3.5 కేజీలు తేలిక. వైశాల్యం కాస్త తక్కువ కావడం ఒక కారణం, లావు రాడ్డుకి ల్యాపు కూడా పొడవు కావడం ఇంకో కారణం.

ల్యాపు మరిచి 3 మీటర్లే లెక్కిస్తే మొదటిదానిలో 37.9 కేజీలే వస్తాయి. ఒక్క పిల్లరుకే పది కేజీల తేడా! నిలువు రాడ్ల బరువుని మీటరు బరువుతోనూ రాడ్ల సంఖ్యతోనూ భాగించి చూడండి. సరిగ్గా అంతస్తు ఎత్తే వస్తే ల్యాపు కలపలేదన్నమాట.

రింగు, లింకు కటింగ్ పొడవు

రెండిటికీ బయటి రింగు ఒక్కటే. కవరు తీసేస్తే బయటి కొలతలు 220×370, చుట్టుకొలత 1180. హుక్కు ఒక్కోదానికి 10d చొప్పున రెండిటికి 160 కలపాలి. 90 డిగ్రీల వంపులు మూడు, ఒక్కోదానికి 2d తీసేయాలి. 135 డిగ్రీల వంపులు రెండు, ఒక్కోదానికి 3d తీసేయాలి. మొత్తం తీసివేత 96.

```
రింగు        = 1180 + 160 − 96 = 1244 ఎంఎం
పొట్టి లింకు  = 220 + 160 − 48 = 332 ఎంఎం
పొడవు లింకు  = 370 + 160 − 48 = 482 ఎంఎం
```

450 ముఖాల మధ్య రాడ్లని ఎదురెదురుగా కట్టే పొట్టి లింకు రెండు అమరికల్లోనూ ఉంటుంది. తేడా పొడవు లింకులో ఉంది. ఎనిమిది రాడ్ల అమరికలో 300 ముఖాల మధ్య కూడా రాడ్డుంది కదా, దాన్ని పట్టి ఉంచడానికి 482 ఎంఎం లింకు ప్రతి రింగు దగ్గరా కావాలి.

ఇది నిజంగా కావాలా అని సైటులో అడుగుతూనే ఉంటారు. 300 ముఖం మీద మూల రాడ్డు నుంచి మధ్య రాడ్డుకి కేంద్రాల మధ్య దూరం 94 ఎంఎం, ఖాళీ 78 ఎంఎం. ఐఎస్ 456 ప్రకారం ఇరువైపులా దూరం 75 ఎంఎం మించకపోతేనే మధ్య రాడ్డుని రింగుతో పట్టకుండా వదలొచ్చు. ఇక్కడ ఖాళీని కొలిచినా 3 ఎంఎం దాటింది, కేంద్రాలు కొలిస్తే ఇంకా ఎక్కువే దాటింది. కాబట్టి లింకు వేయాల్సిందే. దాన్ని తప్పించుకోవడానికి కవరు పెంచి రాడ్లని లోపలికి నెట్టడం సరికాదు. బెండింగులో పనికొచ్చే లోతు తగ్గిపోతుంది.

అంచేత ఒక్కో వరసకి మొదటిదానిలో 1244 + 332 + 482 = 2058 ఎంఎం, 0.813 కేజీ. రెండోదానిలో 1244 + 332 = 1576 ఎంఎం, 0.622 కేజీ. వరసకి తేడా 0.19 కేజీ. చిన్నదే, కానీ ప్రతి వరసలోనూ వస్తుంది.

ఎన్ని వరసలు?

భూకంపాలకి తగ్గ డిటెయిలింగ్ తీసుకుందాం. బీము అడుగు వరకు ఖాళీ ఎత్తు 2550. కింద, పైన 450 ఎంఎం చొప్పున దగ్గర రింగులు, దూరం 75 ఎంఎం. ఇది పిల్లరు చిన్న కొలతలో నాలుగో వంతు. మధ్య మిగిలిన 1650లో ల్యాపు పడుతుంది కాబట్టి అక్కడ 100 మించకుండా వేద్దాం. బీము జాయింటు 450లోనూ 75 ఎంఎం దూరమే.

కింద 6, మధ్య 17, పైన 6, జాయింటులో 6, మొత్తం 35. చివరి రింగు పై అంతస్తు లెక్కలోకి వెళ్తుంది, అందుకే ఒకటి అదనంగా కలపలేదు.

జాయింటులోని ఆరు వరసల్ని లెక్కలో మరిచిపోవడం తరచుగా జరిగేదే. మొదటి అమరికలో అది దాదాపు 4.9 కేజీలు. లెక్కలో పోతే పోయింది, సైటులో కూడా పోతే జాయింటులో పిల్లరు రాడ్లని పట్టేదే ఉండదు. బీము రాడ్లు ఎక్కించాక రింగులు దూర్చడం కష్టం కాబట్టి వదిలేయడం సులువు. బీము రాడ్లు కట్టకముందే ఆ ఆరు రింగులూ పిల్లరు మీద పేర్చి ఉన్నాయో లేదో చూస్తే తెలిసిపోతుంది.

| | ఎనిమిది 16లు | నాలుగు 20లు, రెండు 16లు |
|---|---|---|
| నిలువు రాడ్లు | 48.0 కేజీ | 51.5 కేజీ |
| రింగులు, లింకులు (35 వరసలు) | 28.5 కేజీ | 21.8 కేజీ |
| మొత్తం | 76.5 కేజీ | 73.3 కేజీ |

నిలువు రాడ్లలో 3.5 కేజీలు వెనకబడ్డ ఆరు రాడ్ల అమరిక రింగుల దగ్గర 6.7 కేజీలు ముందుకొచ్చింది. మొదటిదానిలో రింగులూ లింకులూ మొత్తం బరువులో 37 శాతం ఉన్నాయి చూడండి. ఏదో ఒక చిన్న శాతం కలిపి వదిలేసే భాగం కాదది.

ఏ దూరం దగ్గర ఫలితం తిరగబడుతుంది?

రింగులు మొత్తం 200 ఎంఎం దూరంలో ఉంటే వరసలు 15. అప్పుడు మొదటిది 60.2 కేజీలు, రెండోది 60.9. ఎనిమిది రాడ్లే కాస్త తేలిక. 3.5 కేజీల నిలువు తేడాని 0.19తో భాగిస్తే 18కి కొంచెం పైన వస్తుంది. అంటే 18 వరసల దాకా ఎనిమిది రాడ్లు, 19 నుంచి ఆరు రాడ్లు తేలిక. 3 మీటర్ల ఎత్తుకి అది సగటున 160 ఎంఎం చుట్టుపక్కల దూరం.

ఇంకో తిరకాసు: 300 ముఖం మధ్య రాడ్డుకి లింకు అక్కర్లేదని మీ డిజైను అనుమతిస్తే, రింగుల బరువు రెండిటికీ సమానమై 21.8 అవుతుంది. అప్పుడు మొదటిది 69.8కి దిగి, 35 వరసలున్నా అదే గెలుస్తుంది. కాబట్టి డ్రాయింగులో ముందు చూడాల్సింది రాడ్ల సైజు కాదు, ఆ లింకు ఉందా లేదా అన్నదే.

మూలల్లో 20లు పెట్టి ముఖాల మధ్య నాలుగు 12లు పెడదామనే ఆలోచన కాగితం మీద బాగుంటుంది. కానీ దగ్గర రింగుల దూరం అన్నిటికన్నా సన్న నిలువు రాడ్డుకి 6 రెట్లు మించకూడదు. 12 ఎంఎంకి అది 72, కాబట్టి 450 నిడివిలో ఆరు దూరాలకి బదులు ఏడు కావాలి. లింకులు కూడా రెండు వైపులా ఉండాల్సిందే. లెక్క కడితే 83 కేజీలు దాటుతుంది.

కొనే బరువు వేరు

12 మీటర్ల రాడ్డులో 4.0 మీటర్ల 20 ఎంఎం ముక్కలు సరిగ్గా మూడు వస్తాయి. 3.8 మీటర్ల 16 ఎంఎం ముక్కలు మూడు పోగా 0.6 మీటరు మిగులుతుంది. మొదటి అమరికలో పిల్లరుకి ఇలా 2.5 కేజీల తుక్కు వస్తుంది, రెండోదానిలో 0.6 కేజీ మాత్రమే. ఆ ముక్కలకి వేరే వాడకం లేకపోతే 35 వరసల దగ్గర తేడా 5 కేజీలకి చేరుతుంది. 200 ఎంఎం దూరం దగ్గర కూడా ఆరు రాడ్లదే కాస్త పైచేయి అవుతుంది. అయితే 20 ఎంఎం ముక్కలకి ఇక్కడ ఒక్క సెంటీమీటరు కూడా అదనం లేదు. వచ్చిన రాడ్డు కొలిచాకే కోయండి.

ఈ తేడాలకి ఓ హద్దుంది. ఐఎస్ 1786 ప్రకారం 10 ఎంఎం దాకా రాడ్ల బరువు 7 శాతం, ఆపైన 16 దాకా 5 శాతం, ఆ పైన 3 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 48 కేజీల 16 ఎంఎంలో 5 శాతమంటేనే 2.4 కేజీలు. కాటా మీద 3 కేజీల తేడా కనిపించకపోతే లెక్క తప్పిందని కంగారు పడక్కర్లేదు. ముందు ఒక మీటరు ముక్కని తూచి చూడండి.

బలం మాటకొస్తే, 450 లోతు దిశలో బెండింగుకి పనిచేసేవి 300 ముఖాల మీది రాడ్లు. మొదటిదానిలో ముఖానికి 603 చదరపు ఎంఎం, రెండోదానిలో 628. రెండో దిశలో 450 ముఖాల మీద 603కి ఎదురు 829. స్టీలు మూలలకి చేరడం వల్ల రెండు దిశల్లోనూ ఆరు రాడ్లకే మొగ్గు. రింగు లోపలి ఖాళీ చూసినా అంతే. ఎనిమిది రాడ్ల అమరికలో అడ్డంగా, నిలువుగా లింకులు పడి నాలుగు గదులవుతాయి, ఒక్కోటి దాదాపు 98×173 ఎంఎం. ఆరు రాడ్లలో రెండే గదులు, 204×173. 40 ఎంఎం వైబ్రేటరు సూది రెండిట్లోనూ దిగుతుంది, కానీ 75 ఎంఎంకో లింకు ఉన్న చోట చిన్న గదిలో అది లింకులకి తగులుతూ వంకరగా పోతుంది. పిల్లరు అడుగున కంకర తేలిన మచ్చలు కనిపించేది ఎక్కువగా ఇలాంటి చోటే.

అందుకే దగ్గర రింగులు, రెండు వైపులా లింకులు తప్పని పిల్లరుకి నాలుగు 20లు, రెండు 16లే తీసుకోండి. రింగులు 160 ఎంఎం కన్నా ఎడంగా ఉండి, మిగులు ముక్కలకి సైటులో వాడకం ఉంటే ఎనిమిది 16లు సరిపోతాయి. రెండంతస్తుల పొడవు రాడ్లు నిలబెట్టే వీలుంటే ల్యాపులు సగమవుతాయి. అప్పుడు ల్యాపు ఎక్కువ తినే 20 ఎంఎంకే ఎక్కువ మిగులు, తూకం ఇంకాస్త ఆరు రాడ్ల వైపే వాలుతుంది.