నాలుగు పాయింట్ల డేటా క్యూబ్: ఐదేళ్లు వాడాక నా మాట

నెల్లూరులో రొయ్యల మేత డిస్ట్రిబ్యూటర్ దగ్గర లెక్కలు చూస్తాను. ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు, ఈ నాలుగు పాయింట్ల నెలవారీ అమ్మకాలు ఐదేళ్లుగా డేటా క్యూబ్‌లో పెట్టుకుని వాడుతున్నాను. క్యూబ్ అంటే భయపడాల్సిందేమీ లేదు, PostgreSQL అనే డేటాబేస్‌లో ఒక టేబుల్, దానికి మూడు వైపులు: ఊరు, మేత రకం, నెల. లోపల ఉండే అంకె బస్తాలు.

రోల్-అప్ అంటే పైకి ఎక్కడం. ఊళ్లు కలిపితే జిల్లా, నెలలు కలిపితే ఏడాది. మా సార్‌కి కావాల్సింది ఎప్పుడూ ఇదే, ఒక్క కాగితం మీద జిల్లాకో అంకె. నన్ను నిండా ముంచింది కూడా ఇదే.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాకి వచ్చింది. నేనేమో బుద్ధిమంతుడిలా ఏప్రిల్ ఎంట్రీల నుంచి కందుకూరు పక్కన నెల్లూరు అని కొట్టుకుంటూ పోయాను. నెలాఖరుకి రోల్-అప్ తీస్తే ప్రకాశం మార్చిలో 700 బస్తాలు, ఏప్రిల్‌లో 420. సార్ కాగితం చూసి, "ఏందయ్యా ఇది, ప్రకాశం నూటికి నలభై పడిపోయింది, ఒంగోలు కుర్రోడు లైన్‌కి పోతున్నాడా లేదా?" అని ఫోన్ తీశారు. ఆ కుర్రాడికి అక్షింతలు పడేలోపు ఒక్క నిమిషం ఆగండి సార్ అని డ్రిల్-డౌన్ చేశాను, అంటే జిల్లా అంకెని విప్పి మళ్లీ ఊళ్లుగా చూడటం. ఒంగోలు మార్చిలో 400, ఏప్రిల్‌లో 420. కందుకూరు 300, 310. కావలి 350, 360. నెల్లూరు 500, 540. ఎక్కడా తగ్గలేదు, మొత్తం కూడా 1550 నుంచి 1630కి పెరిగింది. తగ్గింది బస్తాలు కాదు, కందుకూరు గోడ దాటింది అంతే. పై అంకె పడిపోయి కింద అంకెలన్నీ పెరిగాయంటే అమ్మకాల్లో కాదు, ఏ ఊరు ఏ జిల్లా కింద ఉందో చెప్పే చోట తేడా ఉందని అప్పుడే అర్థమైంది.

సరే, పాత నెలలకి కూడా కందుకూరుని నెల్లూరులో కలిపేద్దాం అనుకున్నాను. అలా చేస్తే మార్చిలో ప్రకాశం 400, నెల్లూరు 1150 అవుతాయి, ఏప్రిల్‌తో చక్కగా పోల్చుకోవచ్చు. కానీ మార్చిలో సార్ చేతికిచ్చిన కాగితంలో ప్రకాశం 700 అనే ఉంది కదా, ఆడిటర్ అడిగితే ఏం చెప్పాలి? చివరికి ఆ టేబుల్‌లోనే ఊరి పక్కన రెండు కాలమ్‌లు పెట్టాను, అప్పటి జిల్లా ఒకటి, ఇప్పటి జిల్లా ఒకటి. పాత కాగితంతో సరిచూసుకోవాలంటే మొదటిది, ఏడాదికేడాది పోల్చాలంటే రెండోది. ఇది మొదటి రోజే చేసుకోండి, తర్వాత చేస్తే పాత బిల్లులన్నీ తిరగేయాలి.

స్లైస్, డైస్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఒక వైపుని ఒకే విలువ దగ్గర బిగిస్తే స్లైస్: ఏప్రిల్ ఒక్కటే తీసుకుంటే నెల అనే వైపు పోయి ఊరు, మేత రకం మిగులుతాయి. రెండు మూడు వైపుల్లో కొన్ని కొన్ని ఎంచుకుంటే డైస్: కావలి, కందుకూరు మాత్రమే, స్టార్టర్, గ్రోయర్ మేతలు మాత్రమే, మార్చి నుంచి మే వరకు. వైపులు మూడూ ఉంటాయి, పెట్టె చిన్నదవుతుంది.

నేను రోజూ వాడేది ఇది, `WHERE` లైన్ స్లైస్, చివరి లైన్ రోల్-అప్, `district` అంటే అప్పటి జిల్లా కాలమ్:

```
SELECT district, town, SUM(bags), GROUPING(town)
FROM sales
WHERE month = '2022-04'
GROUP BY ROLLUP (district, town);
```

ఆ `GROUPING(town)` ఎందుకంటే, జిల్లా మొత్తం వచ్చే వరుసలో ఊరి గడి ఖాళీగా, `NULL`గా వస్తుంది. ఎంట్రీ చేసేవాళ్లు ఊరు కొట్టకుండా వదిలేసిన బిల్లులు కూడా అచ్చం అలాగే ఖాళీ గడితో వస్తాయి. ఒకసారి నెల్లూరుకి రెండు మొత్తాలు కనిపించి పిచ్చెక్కింది, చూస్తే అందులో ఒకటి ఊరు లేని బిల్లుల కుప్ప. ఊరి గడి ఖాళీగా ఉన్న వరుసలో ఈ కాలమ్‌లో 1 ఉంటే అసలైన మొత్తం, 0 ఉంటే ఎవరో ఎంట్రీలో గడి వదిలేశారన్నమాట.

నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే, అది టూల్ తప్పు కాదు, నాదే. మొదట్లో తేలిగ్గా ఉంటుందని నెలకి ఒకే అంకె ఎక్కించాను. దాచనిదాన్ని డ్రిల్-డౌన్ తవ్వి తీయలేదు. మొన్న సార్, "జిల్లాలు మారిన ఏడాది ఏప్రిల్‌లో కావలి గుంటలకి గ్రోయర్ ఏ వారంలో ఎక్కువ పోయింది?" అని అడిగితే క్యూబ్ నెల దగ్గరే ఆగిపోయింది. అటక మీద నుంచి పాత బిల్లు పుస్తకాలు దించి, దుమ్ము దులిపి, సాయంత్రం దాకా చేత్తో కూడుకుంటూ కూర్చున్నాను.